బ్రేకూ రేజూ ఒకే చేతిలో

గుంటూరులో ఇంటర్ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి. సంక్రాంతి దాటాక పద్దెనిమిది నిండుతాయి. స్కూటీ కొనిపెడతానని వాళ్ల నాన్న ఎప్పుడో మాటిచ్చేశాడు. ఈలోగా పెదనాన్న కొడుకు తన బండి తెచ్చి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేర్పిస్తానని కూర్చోబెట్టాడు. పది నిమిషాలు కాకముందే బండి పిల్లర్‌ను గుద్దింది. ముందు మడ్‌గార్డు పగిలింది, అమ్మాయి మోకాలు చెక్కుకుపోయింది. ఆ రాత్రే తల్లి కూర్చుని, ఊళ్లో ఆడవాళ్లకు స్కూటీ నేర్పే ఒక ట్రైనర్‌కు ఉత్తరం రాసింది.

"నమస్తే మేడమ్. మా పాప ఆరో తరగతి నుంచీ సైకిల్ మీదే స్కూలుకు వెళ్లింది. బ్యాలెన్స్ బాగానే ఉంది. మరి బండెక్కగానే ఇలా ఎందుకైంది? బ్రేక్ పట్టుకున్నానని ఒట్టేసి చెబుతోంది. వాళ్లన్నేమో రేజ్ ఇచ్చిందంటున్నాడు. ఎవరి మాట నిజం? ఇంకో రెండు నెలల్లో పద్దెనిమిది వస్తాయి కదా, ఇప్పటి నుంచే రోడ్డు మీద అలవాటు చేయించవచ్చా? వారంలో వచ్చేస్తుందని అందరూ అంటున్నారు, నాకేమో నమ్మకం కుదరడం లేదు. వచ్చాక తమ్ముణ్ని ట్యూషన్‌కు దింపడం దాని పనేనని వాళ్ల నాన్న అప్పుడే లెక్క వేసుకున్నారు. అదెప్పటికి కుదురుతుంది?"

పిల్లలకు బండి నేర్పించమని అడిగే తల్లిదండ్రులు మామూలుగా ఫీజెంత, ఎన్ని రోజులు అని రెండే అడుగుతారు. ఈమె ఢీకొట్టిన తీరు గురించి అడిగింది. అందుకే ట్రైనర్ జవాబు కూడా పొడుగ్గానే రాసింది.

మొదటి ప్రశ్నకు ఆమె జవాబు: ఇద్దరి మాటా నిజమే. గేర్లు లేని స్కూటర్‌లో కుడిచేతి పిడిని కిందికి తిప్పితే బండి పరుగెడుతుంది. అదే పిడి ముందు ముందు చక్రం బ్రేక్ లివర్ ఉంటుంది. అంటే ఉరికించేదీ ఆపేదీ ఒకే చెయ్యి. సెల్లార్‌లో జరిగింది ఇదీ: అన్న "కొంచెం రేజ్ ఇవ్వు" అన్నాడు. అమ్మాయి కొంచెమే ఇచ్చింది. స్కూటర్‌లో ఇంజన్ కొంత వేగం అందుకునేదాకా చక్రానికి శక్తి అందదు. అందుకే మొదట కదలనట్టే ఉండి, తర్వాత ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. అలా దూకగానే మనిషి వెనక్కి వాలుతుంది. పిడిని గట్టిగా పట్టుకునే ఉంది కనుక, ఒళ్లు వెనక్కి పోయేకొద్దీ మణికట్టు కిందికి తిరిగి రేజ్ ఇంకా పెరుగుతుంది. భయంతో పట్టు మరింత బిగుస్తుంది. వేళ్లు బ్రేక్‌ను నొక్కుతూనే ఉంటాయి, అరచెయ్యి రేజ్ ఇస్తూనే ఉంటుంది. ఇంజన్ నడిపిస్తున్న చక్రం అరకొర బ్రేక్‌కు ఆగదు.

గేర్ల బండి అయితే క్లచ్ నొక్కేసి చక్రాన్ని ఇంజన్ నుంచి విడదీయొచ్చు. స్కూటర్‌లో ఆ దారి లేదు. రేజ్ మూసేయడమొక్కటే మార్గం. సైకిల్ అనుభవం బ్యాలెన్స్‌కు పనికొస్తుంది కానీ ఇక్కడ ఆదుకోదు, ఎందుకంటే సైకిల్ పిడి తిరగదు. బ్యాలెన్స్ ఉన్న పిల్లల విషయంలో పెద్దవాళ్లు తొందరపడేది కూడా ఇందువల్లే. కాళ్లు పైకెత్తి పది గజాలు పోగానే "వచ్చేసింది" అనేస్తారు. వచ్చింది పోవడం మాత్రమే.

రెండో ప్రశ్న దగ్గర ట్రైనర్ మెత్తబడలేదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాళ్లు బహిరంగ ప్రదేశంలో బండి నడపకూడదు. పదహారు నిండినవాళ్లకు ఒక మినహాయింపు ఉంది గానీ అది 50 సీసీ మించని ఇంజన్‌కే. 1988లో ఆ చట్టం వచ్చిన నాటికి వీధుల్లో లూనాలు, టీవీఎస్ 50లు తిరిగేవి, కాబట్టి మినహాయింపుకు అర్థముండేది. ఇప్పుడు షోరూముల్లో ఆడపిల్లలు చూసే పెట్రోలు స్కూటర్లు 110, 125 సీసీవి. కాగితం మీది మినహాయింపుకు వాళ్లకు సరిపడే బండి లేదు.

2019 సవరణతో తల్లిదండ్రుల మీద బరువు పెరిగింది. లైసెన్సు లేని మైనర్ బండి నడిపి నేరం చేస్తే, సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. రెండు నెలల తొందరకు ఏడేళ్ల ఆలస్యం! "గ్రౌండే కదా" అనే మాటా చెల్లదు. జనం వచ్చిపోయే హక్కున్న చోటేదైనా చట్టం దృష్టిలో బహిరంగ ప్రదేశమే.

మధ్యేమార్గంగా లైసెన్సు అక్కర్లేని చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్ కొందామని వాళ్ల నాన్న అన్నాడట. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే అది మోటారు వాహనం లెక్కలోకి రాదన్నది నిజమే. కానీ వైరు మార్చి వేగం పెంచారంటే ఆ మినహాయింపు పోతుంది. ఇక 25లో పడినా తల తగిలేది అదే సిమెంటు రోడ్డుకు. హెల్మెట్ లేకుండా అది కూడా వద్దని ట్రైనర్ రాసింది.

ఈ రెండు నెలలకు ఆమె చెప్పిన పని వేరు. అమ్మ బండి వెనక కూర్చున్నప్పుడు ఫోను లోపల పెట్టి, ముందు ఏం జరగబోతోందో పాప పైకి చెబుతూ ఉండాలి: ఆ ఆటో ఆగబోతోంది, ఆ కారు తలుపు తీయబోతున్నారు, ఆ మలుపులో ఇసుక ఉంది. పద్దెనిమిది నిండిన మర్నాడు ఎల్ఎల్ఆర్‌కు స్లాట్ బుక్ చేసుకోవచ్చు. అది ఆరు నెలలు చెల్లుతుంది. కనీసం 30 రోజులు గడిస్తేనే లైసెన్సు పరీక్షకు రానిస్తారు. ఆ నెలలో బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి 'ఎల్' ఉండాలి.

నేర్పే పద్ధతి గురించి ఉత్తరంలో ఎక్కువ భాగం రాసింది. మొదటి రోజు తాళం తనే జేబులో వేసుకుంటుంది. ఇంజన్ ఆపి ఉన్న బండిని అమ్మాయి పక్కన నడుస్తూ తోయాలి, లివర్ నొక్కి ఆపాలి, సెంటర్ స్టాండ్ వేసి తీయాలి. నూరు కిలోలకు అటూ ఇటూ ఉండే బరువు ఏ కోణం దాటితే చేతికి ఆగదో ఒంటికి తెలియాలి. సెంటర్ స్టాండ్ మీద స్టార్ట్ చేసి రేజ్ ఇచ్చి చూపించే అలవాటు మన ఇళ్లలో ఉంది. స్టాండ్ జారి, తిరుగుతున్న వెనక చక్రం నేలకు తాకిందంటే బండి ఎదుటివాళ్ల మీదికి దూకుతుంది. ఆ పని ఎవరినీ చేయనివ్వవద్దని తల్లికి గట్టిగా చెప్పింది.

ఇంజన్ ఆన్ చేశాక మొదటి పాఠం పోవడం కాదు, మూయడం. మణికట్టు పిడి కంటే కాస్త దిగువన ఉండాలి. అప్పుడు చెయ్యి పొరపాటున ఎక్కువ తిప్పలేదు. రేజ్ రవ్వంత ఇవ్వాలి, బండి కదలగానే పిడిని ముందుకు తిప్పి పూర్తిగా మూసేయాలి, ఆ తర్వాతే రెండు లివర్లూ నొక్కాలి. ట్రైనర్ పక్కన నడుస్తూ ఎప్పుడు పడితే అప్పుడు "ఆపు" అంటుంది. ముందు మూసి తర్వాత నొక్కడం ఆలోచించకుండా చేతికి వచ్చేదాకా కాళ్లు పైకి ఎత్తనివ్వదు. కొందరికి ఒక పూట చాలు, కొందరికి నాలుగు పూటలు పడుతుంది. నేర్చుకోలేదని ఎలా తెలుస్తుందంటే, ఆపమన్నప్పుడు బ్రేక్‌తో పాటు ఇంజన్ శబ్దమూ పెరుగుతుంది. అది వినిపిస్తే మళ్లీ మొదటికే.

ఆ తర్వాత సుద్దముక్కతో గీత గీసి ఆపడం నేర్పుతుంది. చాలామంది ముందు బ్రేక్ పడితే బోర్లా పడతామని ఎడమ లివర్ ఒక్కటే వాడతారు. కానీ ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. 2019 నుంచి 125 సీసీ లోపు కొత్త బండ్లలో ఎడమ లివర్ నొక్కితే ముందు బ్రేక్ కూడా కొంత పడే ఏర్పాటు తప్పనిసరి చేశారు, ఏబీఎస్ ఉంటే తప్ప. అది మేలే, అయినా కుడి లివర్ పని మొత్తం అది చేయదు. తిన్నగా పోతున్నప్పుడు రెండూ కలిపి మెల్లగా మొదలుపెట్టి బిగించాలి. మలుపులో, ఇసుక మీద ముందు బ్రేక్ పట్టకూడదు, అందుకే వేగం మలుపుకు ముందే తగ్గించుకోవాలి.

గీత దగ్గర ఆమె పిల్లలకు చెప్పే లెక్క ఒకటుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. కంటికి కనపడి, బుర్రకెక్కి, చెయ్యి కదిలేసరికి ఒకటిన్నర సెకను అనుకుంటే బ్రేక్ పడకముందే దాదాపు 17 మీటర్లు పోతుంది. పొడి తారురోడ్డు మీద రెండు బ్రేకులూ బాగా పట్టినా ఆగడానికి ఇంకో 12 మీటర్లు కావాలి. మొత్తం 29. వేగం 20కి తగ్గిస్తే అదంతా 11 మీటర్లలో ముగుస్తుంది. వేగం సగమైతే దూరం సగం కంటే బాగా తక్కువ కావడం పిల్లలకు నోటితో చెబితే ఎక్కదు, సుద్దగీత నుంచి అడుగులు వేయిస్తే ఎక్కుతుంది.

ఆర్టీవో పరీక్షలో వేయించే ఎనిమిది అంకె గురించి ట్రైనర్‌కు పెద్ద పట్టింపు లేదు. తల తిప్పి పోవాల్సిన వైపు చూస్తే, రేజ్ సన్నగా ఉంచి ఎడమ బ్రేక్ తేలికగా ఆనిస్తే అదే వస్తుంది. పరీక్ష కోసం అదొక్కటే వల్లె వేయించే చోట చేర్పించవద్దని మాత్రం హెచ్చరించింది.

హెల్మెట్ విషయంలో మగపిల్లల ట్రైనర్లకు తట్టని సంగతి ఒకటి రాసింది. జడను పైకి చుట్టి క్లచర్ పెడితే ఏ హెల్మెట్టూ తల మీద కూర్చోదు. జడ మెడ దిగువకు ఉండాలి. ఐఎస్ఐ గుర్తున్నది కొని, పట్టీ బిగించాక వెనక అంచు పట్టుకుని ముందుకు లాగి చూడాలి. ఊడి వచ్చిందంటే సైజు పెద్దది. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో హెల్మెట్ లేక పోయిన ద్విచక్ర వాహనదారులు 50,029 మంది, వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. చున్నీ వెనక్కి వేలాడకుండా నడుముకు కట్టేయాలి, లేదా అసలు వేసుకోకూడదు.

ఆ వెనక కూర్చున్నవాళ్ల లెక్క దగ్గరే తమ్ముడి ట్యూషన్ ప్రశ్నకు జవాబు ఉంది. ఎల్ఎల్ఆర్ మీద నడిపేవాళ్లు నేర్పేవాళ్లను తప్ప ఇంకెవరినీ వెనక ఎక్కించుకోకూడదు. లైసెన్సు వచ్చాక చట్టం అడ్డు చెప్పదు గానీ ట్రైనర్ మూడు నెలలు ఆగమంది. వెనక మనిషి ఎక్కితే మలుపులో బండి ఆలస్యంగా లేస్తుంది, ఆగేటప్పుడు ఆ బరువు వచ్చి నడిపేవాళ్ల వీపు మీద పడుతుంది, అప్పుడు పిడి మీద పట్టు మళ్లీ బిగుస్తుంది. సెల్లార్‌లో జరిగిందే ట్రాఫిక్‌లో జరగవచ్చు. పైగా పన్నెండేళ్ల పిల్లవాడు కుదురుగా కూర్చోడు. కాబట్టి వాణ్ని ఎక్కించే ముందు ఒక ఆదివారం గ్రౌండ్‌లో, పెద్దవాళ్లెవరైనా వెనక కూర్చుని, అదే సుద్దగీత దగ్గర ఆపించి చూడాలి.

"ఆ పెద్దవాళ్లు మీరే అయితే మంచిదమ్మా," అని రాసింది ట్రైనర్. "రెండో హెల్మెట్ ఇప్పుడే కొని ఉంచండి. పాపది పెట్టుకుని రావొద్దు, మీ తలకు అది పట్టదు."