చార్మినార్ నీడలో కిరాయి గదులు

హిజ్రీ 1000వ సంవత్సరం సమీపిస్తున్న వేళ, 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మించిన చార్మినార్ నాలుగు రహదారుల కూడలిలో నేటికీ నిలిచి ఉంది. ఆ కట్టడాన్ని ఎవరూ కదిలించకుండా చట్టం కాపలా కాస్తున్నది. కానీ ఆ రహదారుల వెంట, దుకాణాల పై అంతస్తులలోనూ లోపలి గల్లీలలోనూ రెండు మూడు తరాలుగా కిరాయి చెల్లిస్తూ జీవిస్తున్న కుటుంబాలున్నాయి. లాడ్ బజార్‌లో అమ్ముడయ్యే లక్క గాజులు అటువంటి ఇళ్లలోనే తయారవుతాయి. పాతనగర పరిరక్షణ గురించి చర్చ జరిగినప్పుడల్లా రాళ్ల ప్రస్తావన వస్తుంది, ఈ కుటుంబాల ప్రస్తావన అరుదు. ఒకే ఇంటిపై ఎన్ని చట్టాల నీడ పడుతుందో, వాటిలో కిరాయిదారు స్థానమేమిటో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

నూరు మీటర్ల గీత

ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ నూరు మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం. అక్కడ కొత్త నిర్మాణం కూడదు, పాత ఇళ్లకు అనుమతితో మరమ్మతు మాత్రమే సాధ్యం. దానికి ఆవల మరో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ నిర్మించాలన్నా, పునర్నిర్మించాలన్నా ముందుగా అనుమతి పొందాలి. చార్మినార్‌కు ఈ నియమం వర్తిస్తుంది.

నియమం ఉద్దేశం మంచిదే. అయితే ఇంటి యజమాని దృష్టితో చూడండి. బజారులో స్థలం విలువ ఏటా పెరుగుతున్నది, కానీ పైన మరో అంతస్తు వేసుకునే వీలు లేదు. విలువను రాబట్టుకోవడానికి అతనికి మిగిలిన మార్గం, ఉన్న గదులను ఎక్కువ కిరాయి చెల్లించగలవారికి ఇవ్వడమే. అందుకే నివాసపు గదులు క్రమంగా గోదాములుగా, షోరూములుగా మారిపోతాయి. బయటి గోడ మారదు కనుక పరిరక్షణ నియమం ఎక్కడా ఉల్లంఘన కాదు. లోపలి మనుషులు మాత్రం మారిపోతారు.

మరమ్మతు పేరుతో

ఒక ఉదాహరణను ఊహించుకుందాం. చార్మినార్‌కు నూట యాభై మీటర్ల దూరంలో రెండు అంతస్తుల పాత ఇల్లు. కింద దుకాణానికి నెలకు 6,000 రూపాయల కిరాయి. పైన ఉన్న రెండు గదులకు 2,500 రూపాయలు. ఇద్దరికీ రాతపూర్వక ఒప్పందం లేదు. ఇద్దరినీ ఖాళీ చేయించాలని యజమాని సంకల్పించాడనుకుందాం.

తెలంగాణలో అమలులో ఉన్న 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం పై అంతస్తు కుటుంబానికి వర్తిస్తుంది. కింది దుకాణానికి వర్తించదు. నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన కిరాయి గల కట్టడాలను 2005 సవరణ ఆ చట్టం నుండి తప్పించింది. కనుక నెలవారీ కిరాయిపై ఉన్న దుకాణదారుకు పదిహేను రోజుల నోటీసు ఇచ్చి, యజమాని నేరుగా సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. కారణం చూపవలసిన పని కూడా లేదు. దుకాణం తీసుకునేటప్పుడు పగిడీగా చెల్లించిన పెద్ద మొత్తానికి సాధారణంగా రసీదు ఉండదు. కాబట్టి అది చేతికి తిరిగి వస్తుందని నమ్ముకోలేము.

పై అంతస్తు కుటుంబం విషయంలో యజమాని రెంట్ కంట్రోలర్ ఎదుట కారణం నిరూపించాలి. ఇక్కడ పన్నెండవ సెక్షన్ కీలకమైనది. ఖాళీ చేయనిదే మరమ్మతు సాధ్యం కాదని యజమాని అడిగితే, పని పూర్తయిన తరువాత అదే కిరాయిదారుకు తిరిగి అప్పగిస్తానని హామీ ఇవ్వాలి. కూల్చి కొత్తది కట్టడానికి అడిగితే సంగతి వేరు. అప్పుడు పని నిర్ణీత గడువులో మొదలుపెడతానన్న హామీయే ప్రధానం. కనుక నోటీసులో "మరమ్మతు" అని ఉందా, "కూల్చివేత" అని ఉందా అన్నది మొదట చూడాలి. కూల్చివేత అని ఉంటే, మన ఉదాహరణలోని ఇల్లు నియంత్రిత ప్రాంతంలో ఉంది కనుక, పునర్నిర్మాణానికి అనుమతి లభించిందా అని అడగాలి. పరిరక్షణ నియమం కిరాయిదారుకు పరోక్షంగా తోడ్పడే చోటు ఇదే.

మూడవ మార్గం మరింత నిశ్శబ్దమైనది. ఇంటిని ఏళ్ల తరబడి మరమ్మతు లేకుండా వదిలేస్తే, వర్షాకాలానికి ముందు పురపాలక సిబ్బంది జరిపే తనిఖీలో అది శిథిల భవనంగా నమోదవుతుంది. అప్పుడు ఖాళీ చేయమన్నది అధికారుల ఆదేశమే అవుతుంది. పాత డంగుసున్నపు గోడలపై సిమెంటు పూత వేయడం ఈ దుస్థితికి ఒక సాధారణ కారణం. సున్నం తేమను బయటికి వదులుతుంది, సిమెంటు దానిని లోపలే బంధిస్తుంది. పూత ఉబ్బి రాలిపోతే గోడ కూలిపోతున్నట్లే కనిపిస్తుంది. అది పూత లోపమా, గోడ బలహీనతా అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు పరీక్షతోనే తేలుతుంది. గోడ ఒరిగినా, దూలాల చివరలు కుళ్లినా మాత్రం ఆలస్యం చేయక బయటికి రావాలి. ప్రాణం కంటే గది విలువైనది కాదు.

రహదారి విస్తరణ వచ్చినప్పుడు

చార్మినార్ చుట్టూ వాహనాలను నిలిపివేసి రాతి పలకలు పరిచారు. అక్కడి రద్దీ మాయం కాలేదు, చుట్టుపక్కల రోడ్లకు మళ్లింది. ఇప్పుడు మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుండి చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్ల మెట్రో మార్గం కోసం దారుల్‌షిఫా, పురానీ హవేలీ, శాలిబండల మీదుగా రోడ్డును విస్తరిస్తున్నారు. ఆస్తులు కోల్పోయే వారికి గజానికి 81,000 రూపాయల లెక్కన పరిహారం నిర్ణయించి, 2025 జనవరిలో చెక్కుల పంపిణీ ప్రారంభించారు.

గజాల లెక్క భూమి ఉన్నవారిది. కిరాయిదారుకు గజమైనా లేదు. అయినా 2013 భూసేకరణ చట్టం అతనిని విస్మరించలేదు. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ నివసిస్తున్న, లేదా అక్కడి పనిపైనే ప్రధానంగా ఆధారపడిన కుటుంబాన్ని, సొంత భూమి లేకపోయినా, "ప్రభావిత కుటుంబం"గా గుర్తించింది. కిరాయిదార్లూ చేతివృత్తుల వారూ ఇందులో ఉన్నారు. ప్రాథమిక ప్రకటన వెలువడిన అరవై రోజులలో అభ్యంతరం తెలపవచ్చు. ఈ గడువులో మూడేళ్ల ఆధారం చూపలేని కుటుంబం పేరు జాబితాలోకి ఎక్కడం కష్టం.

వక్ఫ్ ఇళ్లలో ఉంటున్నవారికి

పాతనగరంలో వక్ఫ్ ఆస్తులు అనేకం. "ఇది అల్లాహ్ పేరిట ఉన్న ఆస్తి, మమ్మల్ని ఎవరు కదిలిస్తారు?" అన్న ధీమా కొందరిలో కనిపిస్తుంది. వక్ఫ్ చట్టానికి 2013లో చేసిన సవరణ, లీజు గడువు ముగిసినా అక్కడే కొనసాగే వ్యక్తిని ఆక్రమణదారు నిర్వచనంలో చేర్చింది. తాతగారి పేరిట ఉన్న లీజు ఎప్పుడు ముగిసిందో, దానిని పునరుద్ధరించారో లేదో ఆ కుటుంబం తెలుసుకోవాలి. మార్కెట్టు ధరలో స్వల్ప భాగమే కిరాయిగా చెల్లిస్తుంటే, ఆ లోటు వక్ఫ్ ఆదాయంపై ఆధారపడిన పేదలకూ అనాథలకూ కలుగుతున్నదని కూడా గుర్తుంచుకోవాలి.

పెట్టెలో ఉండవలసినవి

ఇచ్చిపుచ్చుకోవడాలను గడువుతో సహా వ్రాసుకొని సాక్షులను ఉంచుకోమన్న ఆదేశం మనకు దివ్యఖుర్ఆన్‌లోనే ఉంది. కిరాయిని బ్యాంకు ద్వారానో, రసీదుతోనో చెల్లించాలి. యజమాని కిరాయి పుచ్చుకోవడానికి నిరాకరిస్తే, అది ఎగవేతకు సాకు కాగల ప్రమాదం ఉంది కనుక మనీ ఆర్డరు పంపి దాని రసీదు దాచుకోవాలి. కరెంటు బిల్లు, రేషన్ కార్డు, పిల్లల పాఠశాల ధృవపత్రం, దుకాణపు ట్రేడ్ లైసెన్సు వంటి, అదే చిరునామా గల మూడేళ్ల కాగితాలను ఒకచోట భద్రపరచాలి. కిరాయి పెంచమని అడిగినప్పుడు 3,500 రూపాయల గీతను దృష్టిలో ఉంచుకోవాలి. అయితే న్యాయమైన పెంపును నిరాకరించడానికి ఆ గీతను అడ్డం పెట్టుకోవడం ధర్మం కాదు. యజమానికి కూడా ఆ ఇల్లే జీవనాధారం కావచ్చు.

పాత ఇంటి మరమ్మతుకో, పునర్నిర్మాణానికో అనుమతి కోరే దరఖాస్తులో, అందులో ఎవరు ఉంటున్నారు, పని జరిగేటప్పుడు వారు ఎక్కడికి వెళతారు, తిరిగి ఎప్పుడు వస్తారు అన్న మూడు ప్రశ్నలు కూడా ఉండాలని మేము కోరుతున్నాం. బొంబాయిలో ఉపకరం చెల్లించే పాత భవనాలను పునర్నిర్మించినప్పుడు అర్హులైన కిరాయిదార్లకు కొత్త కట్టడంలో ఇల్లు ఇచ్చే నిబంధన ఉంది. చార్మినార్ పరిసరాలకూ అటువంటి నిబంధన వస్తే, గోడతో పాటు గోడ లోపలి గాజుల కొలిమి కూడా మిగులుతుంది.