పీడీఎఫ్ పేజీని ఫోన్‌లో చదివించాలంటే

ఒక సాహితీ సంస్థ ఎనిమిది పేజీల కవితల బులెటిన్‌ను ఏ4 సైజులో పీడీఎఫ్‌గా తయారుచేసిందనుకుందాం. దాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాలంటే ఒక్కో పేజీని ఒక్కో బొమ్మగా మార్చాలి. చాలామంది స్క్రీన్‌షాట్ తీసేస్తారు. తీరా చూస్తే ఒత్తులు అలుక్కుపోయి, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియకుండా పోతుంది.

పీడీఎఫ్‌లో అక్షరాలు మామూలుగా చుక్కలుగా ఉండవు, గీతల కొలతలుగా ఉంటాయి. అందుకే ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవు. బొమ్మగా మార్చేటప్పుడే అంగుళానికి ఎన్ని చుక్కలో, అంటే డీపీఐ ఎంతో, మనం నిర్ణయించాలి. స్క్రీన్‌షాట్‌లో ఆ అవకాశం లేదు. తెర మీద ఎన్ని చుక్కలు కనబడితే అన్నే వస్తాయి.

పాప్లర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే ఒక్క ఆదేశంతో పేజీలన్నీ విడివిడి బొమ్మలవుతాయి:

```
pdftoppm -png -r 150 kavita.pdf page
```

`page-1.png` నుంచి `page-8.png` దాకా వరసగా ఫైళ్లు వస్తాయి. 150 డీపీఐకి ఏ4 పేజీ వెడల్పు 1240 చుక్కలు. ఇన్‌స్టాగ్రామ్ సాధారణంగా దాన్ని 1080కి కుదిస్తుంది కాబట్టి అక్కడికి 600 డీపీఐ పెట్టినా ఒరిగేదేమీ లేదు. జేపీజీలో అక్షరాల అంచుల చుట్టూ మసక చేరుతుంది కనుక రాతకు పీఎన్‌జీయే మేలు. వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపితే బొమ్మ కుదించుకుపోకుండా చేరుతుంది.

ఇంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది. ఏ4 వెడల్పు 8.27 అంగుళాలు, ఫోన్ తెరది సుమారు రెండున్నర. పేజీ మూడో వంతుకు తగ్గితే 12 పాయింట్ల అక్షరం నాలుగు పాయింట్లంత కనిపిస్తుంది. దీన్ని డీపీఐ సరిచేయలేదు, పేజీ కొలతే మార్చాలి. అదే బులెటిన్‌ను 4×5 అంగుళాల పేజీల్లో మళ్లీ అమర్చి, `-r 270` పెడితే సరిగ్గా 1080×1350 చుక్కల బొమ్మలొస్తాయి. ఫోన్‌లో 12 పాయింట్ల అక్షరం దాదాపు ఎనిమిది పాయింట్లంత కనిపిస్తుంది, హాయిగా చదవొచ్చు. కాకపోతే పేజీల సంఖ్య పెరుగుతుంది.

స్కాన్ చేసిన పాత పుస్తకం సంగతి వేరు. ఆ పీడీఎఫ్‌లో ఉన్నది గీతలు కాదు, ఫొటో. తెర మీద 400 శాతానికి పెంచి చూడండి. అంచులు నున్నగా ఉంటే అసలు అక్షరాలే. గళ్లుగళ్లుగా కనిపిస్తే అది ఫొటో. దానికి డీపీఐ ఎంత పెంచినా ఫైలు బరువెక్కుతుందే తప్ప అక్షరం తేటపడదు. అలాంటప్పుడు పుస్తకాన్ని మళ్లీ స్కాన్ చేయడమే దారి.