ఖాతా మారిందంటూ మెయిల్ వస్తే

విజయవాడలోని ఒక చీరల షాపు సూరత్ హోల్‌సేల్ వ్యాపారికి 4,80,000 రూపాయలు కట్టాలనుకుందాం. గడువు శుక్రవారం. బుధవారం ఒక మెయిల్ వచ్చింది: "మా పాత ఖాతా ఆడిట్‌లో ఉంది. ఈసారి డబ్బు ఈ కొత్త ఖాతాలో వేయండి." బిల్లు నంబరు, మొత్తం, సంతకం అన్నీ సరిపోయాయి. గుమాస్తా నమ్మేది అందుకే. కానీ ఇద్దరిలో ఎవరి మెయిల్‌లోకైనా చొరబడిన దొంగకు ఆ బిల్లు ముందే కనబడి ఉంటుంది.

ఇలాంటప్పుడు సరఫరాదారు నుంచి రాతపూర్వకంగా ధ్రువీకరణ అడగాలి. అయితే ఆ మెయిల్‌కే "రిప్లై" కొట్టి అడిగితే దొంగను అడిగినట్టే. చిరునామాలో m బదులు r, n పక్కపక్కన పెడితే మన కన్ను పట్టుకోలేదు. ఒకవేళ అసలు వ్యాపారి మెయిలే దొంగ చేతిలో ఉంటే, సరైన చిరునామాకు రాసినా జవాబు దొంగే ఇస్తాడు. కాబట్టి ముందు పాత బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేయాలి. కొత్త మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు మాత్రం చేయకూడదు.

ఆ ఫోన్లోనే ఉత్తరం అడగాలి. లెటర్‌హెడ్ మీద పాత ఖాతా చివరి నాలుగు అంకెలు, కొత్త ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, ఏ తేదీ నుంచి మార్పు అన్నవి రాసి, యజమాని సంతకం, ముద్ర వేసి, కొత్త ఖాతా క్యాన్సిల్డ్ చెక్కు జతచేయాలి. ఉత్తరం అందాక మళ్లీ అదే పాత నంబరుకు ఫోన్ చేసి, ఖాతా అంకెలు అవతలివాళ్ల చేతే చదివించుకోవాలి. మనం చదివితే "అవునండీ" అనేస్తారు.

ఎందుకింత తంతు అంటే, కాగితాన్నీ పుట్టించవచ్చు. లిథువేనియాకు చెందిన ఎవాల్దాస్ రిమసౌస్కస్ 2013-15 మధ్య తైవాన్ సంస్థ క్వాంటా కంప్యూటర్ పేరు వాడుకుని, దొంగ బిల్లులతో, నకిలీ ఒప్పందాలతో, ఉత్తరాలతో గూగుల్, ఫేస్‌బుక్‌ల నుంచి 10 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. 2019లో అమెరికా కోర్టు అతనికి అయిదేళ్ల జైలు వేసింది. అంత పెద్ద సంస్థల లెక్కల విభాగాలే దాటనిచ్చాయంటే మన గుమాస్తాను తప్పుపట్టలేం.

మన దగ్గర నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో సొమ్ము జమయ్యేది ఖాతా నంబరును బట్టే, పేరును బట్టి కాదు. 2025 ఏప్రిల్ 1 నాటికి లబ్ధిదారు పేరు చూపే సదుపాయం కల్పించాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. సంస్థ పేరుకు బదులు ఎవరో వ్యక్తి పేరు కనిపిస్తే అక్కడే ఆగాలి. పేరు కలిసినా, దాన్ని పోలిన పేరుతో ఖాతా తెరిచి ఉండొచ్చు. అందుకని ముందు ఏ ఏడు రూపాయలో పంపి, ఎంత పంపామో చెప్పకుండా, "ఎంత జమైంది?" అని పాత నంబరుకు ఫోన్ చేసి అడిగితే మంచిది.

ఇదంతా ఒక పూట పని. సరఫరాదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. దొంగ ఖాతాలో వేస్తే ఆయన బాకీ మామూలుగా తీరినట్టు కాదు, మళ్లీ కట్టమంటారు. ఆయన సంతకంతో ఉత్తరం మన ఫైల్లో ఉంటే రేపు వివాదంలో వాదించడానికి ఆధారం ఉంటుంది. సొమ్ము పోయిందని తెలిసిన క్షణంలోనే బ్యాంకుకూ, 1930 నంబరుకూ చెప్పాలి. ఆ ఖాతాలోంచి డబ్బు వేరేచోటికి తరలిపోయేలోపు ఆపగలిగితేనే వెనక్కి వచ్చే ఆశ.