వైఫై సిగ్నల్ నిండుగా ఉంది, నెట్ మాత్రం రాదు: తప్పు రౌటర్‌దా, మోడెమ్‌దా?

ఆమధ్య హోసూరులో మా బంధువుల ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. ఫోన్లలో వైఫై గుర్తు మాత్రం నిండుగానే ఉంది. మరునాడే అమ్మాయి కాలేజీ ఫీజు కట్టడానికి ఆఖరు రోజు. కంగారులో బజారుకెళ్లి 1,800 రూపాయలు పెట్టి కొత్త రౌటర్ తెచ్చారు. అదీ పనిచేయలేదు. తీరా చూస్తే పాత రౌటర్‌కు ఏ లోపమూ లేదు. తప్పు ఇంకో డబ్బాకు వచ్చే తీగలో ఉంది. మన ఇళ్లల్లో ఈ రెండు డబ్బాల తేడా తెలియక ఇలా డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్లు ఉన్నారు కనుక, ఆ తేడా ఏమిటో చెప్పుకుందాం.

మోడెమ్ పని వీధిలోంచి వచ్చే లైనుకూ మన ఇంటి పరికరాలకూ మధ్య దుబాసీ పని. టెలిఫోన్ తీగ మీద ఇంటర్నెట్ వచ్చిన రోజుల్లో కంప్యూటర్ సమాచారాన్ని ఆ తీగకు తగిన సంకేతాలుగా మార్చి పంపేది, వచ్చినవాటిని తిరిగి విడదీసేది. ఇప్పుడు చాలా ఇళ్లకు ఫైబర్ వస్తోంది. అందులో నడిచేది కరెంటు కాదు, వెలుతురు. ఆ వెలుతురును విద్యుత్ సంకేతాలుగా మార్చే డబ్బాను ఓఎన్‌టీ అంటారు. వాడుకలో దాన్నీ మోడెమ్ అనే పిలుస్తాం.

రౌటర్ పని వేరు. కంపెనీ మామూలుగా మన ఇంటి లైనుకు ఒక్క చిరునామానే ఇస్తుంది. ఇంట్లో ఫోన్లు నాలుగు, టీవీ ఒకటి, లాప్‌టాప్ ఒకటి ఉంటాయి. ఉమ్మడి కుటుంబంలో ఒకే డోర్ నంబరుకు వచ్చిన ఉత్తరాలను పెద్దాయన ఎవరివి వాళ్లకు పంచినట్టు, రౌటర్ ఒక్కో పరికరానికి లోపలి చిరునామా ఇచ్చి, ఏది అడిగింది దానికి చేరవేస్తుంది. వైఫై అంటే ఆ పంపకం తీగ లేకుండా రేడియో తరంగాల మీద జరగడమే.

కాబట్టి ఫోన్‌లో కనిపించే వైఫై గీతలు ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య దారి ఎలా ఉందో మాత్రమే చెబుతాయి. రౌటర్ నుంచి వీధి దాకా ఏమైందో వాటికి తెలియదు.

హోసూరు ఇంట్లో మేము పాత రౌటర్‌నే మళ్లీ తగిలించి చూశాం. ముందు ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టాం. కొన్ని రౌటర్లకు ఇది 192.168.0.1 గా ఉంటుంది. డబ్బా కింద చీటీ మీద రాసి ఉంటుంది. రౌటర్ పేజీ వెంటనే తెరుచుకుంది. అంటే ఫోన్ నుంచి రౌటర్ దాకా దారి బాగానే ఉంది. తర్వాత గుమ్మం పక్కనున్న ఓఎన్‌టీ చూశాం. ఎల్ఓఎస్ అనే దీపం ఎర్రగా మిణుకుమంటోంది. ఫైబర్‌లో వెలుతురు రావడం లేదని దాని అర్థం. తీగ వెంట వెతుక్కుంటూ పోతే, అంతకుముందురోజు జరిపిన బీరువా వెనక అది మడతపడి ఉంది. ఫైబర్ గట్టిగా వంగితే వెలుతురు ఆ వంపు దగ్గరే బయటికి జారిపోతుంది. బీరువా జరిపి తీగను మెల్లగా సరిచేశాం. కాసేపటికి ఎర్రదీపం ఆరింది, పీఓఎన్ దీపం నిలకడగా వెలిగింది, నెట్ వచ్చింది. ఫీజు ఆ రాత్రే కట్టేశారు.

లోపల తీగ తెగి ఉంటే మాత్రం మనవల్ల కాదు, లైన్‌మన్ రావాలి. ఫైబర్ కొసలోకి కళ్లు పెట్టి చూడకండి. ఆ వెలుతురు కంటికి కనిపించదు గానీ హాని చేయవచ్చు.

ఎర్రదీపం లేకుండా పీఓఎన్ దీపం నిలకడగా ఉండి కూడా నెట్ రాకపోతే, ముందు రీచార్జి గడువు చూడండి. ఆ తర్వాత అనుమానించాల్సింది రౌటర్‌లో ఉండే కనెక్షన్ పేరు, పాస్‌వర్డ్. వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేస్తే అవి చెరిగిపోతాయి. కొత్త రౌటర్‌లోనూ అవి ఎక్కించాల్సి ఉంటుంది.

ఇప్పుడు చాలా కంపెనీలు రెండు పనులూ ఒకే డబ్బాలో పెట్టి ఇస్తున్నాయి. అలాంటి ఇంట్లో వెనక గదికి సిగ్నల్ అందకపోతే, ఆ డబ్బా నుంచి లాన్ కేబుల్ లాగి అక్కడ ఇంకో రౌటర్ పెట్టుకోవచ్చు. కానీ ఓఎన్‌టీని బజారులో కొని తగిలిస్తే చాలదు. దాని సీరియల్ నంబరును కంపెనీ తన దగ్గర నమోదు చేయాలి.

ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ రావట్లేదు" అని ఊరుకోకుండా ఏ దీపం ఏ రంగులో ఉందో చెప్పండి. తమిళంలో చెప్పినా, కన్నడంలో చెప్పినా, ఒడియాలో చెప్పినా "ఎల్ఓఎస్ ఎరుపు" అనే మాట అవతలివాళ్లకు అర్థమవుతుంది. రౌటర్ మార్చమనే సలహా ఇవ్వకుండా లైన్ చూసే మనిషినే పంపుతారు.