ఆ మాట ప్రశ్నలో ఎందుకుంది?

లా పరీక్షలో ప్రాబ్లమ్ ప్రశ్న ఓ చిన్న కథలా ఉంటుంది. ఇద్దరో ముగ్గురో మనుషులు, ఒక లావాదేవీ, ఒక గొడవ, చివర్లో ‘నిర్ణయించండి’ అన్న మాట. చదవగానే చాలామంది అది ఏ చాప్టర్‌లోదో పోల్చుకుంటారు. ఆ చాప్టర్‌లో తమకు తెలిసిందంతా రాసి, చివర ఒక్క వాక్యంలో తీర్పు చెప్పేస్తారు. మూడు పేజీలు నిండుతాయి, మార్కులు మాత్రం సగం దగ్గరే ఆగిపోతాయి. ప్రశ్న అడిగింది చాప్టర్ గురించి కాదు, ఆ కథలోని మనిషి గురించి.

ఈ పొరపాటు మాన్పించడానికే లా కాలేజీల్లో ‘ఐరాక్’ అనే పద్ధతి నేర్పుతారు. ఇష్యూ, రూల్, అప్లికేషన్, కన్‌క్లూజన్ అనే నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరది. తేల్చాల్సిన వివాదం ఏమిటి, దానికి వర్తించే చట్టం ఏమిటి, ఆ చట్టం ఈ కథకు ఎలా పడుతుంది, చివరికి ఏం తేలింది అన్నది వరస. ఈ నాలుగింటినీ అప్పజెప్పడం తేలికే. పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని రాయడానికి కూర్చున్నప్పుడే మూడోదాని దగ్గర కలం ఆగుతుంది.

కాంట్రాక్టు చట్టంలో తరచూ కనిపించే తరహా ప్రశ్న ఒకటి తీసుకుందాం. పదిహేడేళ్ల రవి తనకు పందొమ్మిదేళ్లని చెప్పి, సురేశ్ దుకాణంలో 60,000 రూపాయల మోటార్ సైకిల్ అప్పు మీద కొన్నాడు. ఇంట్లో అతను వాడుకోవడానికి అప్పటికే ఒక బండి ఉంది. డబ్బు అడిగితే ‘నేను మైనర్ని, కట్టను’ అంటున్నాడు. బండి ఇంకా అతని దగ్గరే ఉంది. సురేశ్‌కు ఉన్న హక్కులేమిటి?

పుస్తకం మూసేసి, ముందుగా ప్రతి వివరం పక్కన ‘ఇది ఇక్కడ ఎందుకుంది?’ అని రాసుకోవాలి. పదిహేడేళ్లు అన్నది ఒప్పందం చెల్లుతుందా అన్న ప్రశ్న కోసం. పందొమ్మిదని చెప్పడం, అబద్ధమాడినవాడు తర్వాత ఆ మాట తిప్పుకోవచ్చా అన్నదాని కోసం. ఇంట్లో మరో బండి ఉండటం, ఇది అతనికి అవసరమైన వస్తువేనా అన్నదాని కోసం. బండి ఇంకా దగ్గరే ఉండటం, దాన్ని వెనక్కి ఇప్పించవచ్చా అన్నదాని కోసం. ఇలా చేస్తే ఇష్యూలు వాటంతటవే నాలుగు తేలతాయి. ‘రవి బాధ్యుడా?’ అని ఒక్క ఇష్యూతో సరిపెట్టిన విద్యార్థి మిగతా మూడింటి మార్కులు మొదటి పేరాలోనే వదులుకున్నట్టు.

రూల్ దగ్గర క్లుప్తంగా ఉండటమే మంచిది. 1872 కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనర్‌కు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. మోహరీ బీబీ కేసులో 1903లో ప్రివీ కౌన్సిల్ అలాంటి ఒప్పందం మొదటినుంచీ చెల్లదని చెప్పింది. 68వ సెక్షన్ ప్రకారం మైనర్ స్థితిగతులకు తగిన అవసరాలు తీర్చినవాడు అతని ఆస్తి నుంచి ఖర్చు రాబట్టుకోవచ్చు, మైనర్‌ని వ్యక్తిగతంగా బాధ్యుణ్ని చేయలేడు. 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం, మైనర్‌నన్న కారణంతో ఒప్పందం నుంచి బయటపడినవాడు దానివల్ల లాభం పొంది ఉంటే, ఆ మేరకు తిరిగి ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు. పుట్టుపూర్వోత్తరాలు అక్కర్లేదు, ఈ నాలుగు వాక్యాలు చాలు.

ఇక అప్లికేషన్. ‘మోహరీ బీబీ కేసు ప్రకారం రవి బాధ్యుడు కాడు’ అని రాసి ముందుకు వెళ్లిపోవడం మామూలుగా జరిగే తప్పు. ఆ వాక్యం తీర్పు చెబుతోంది గానీ కారణం చెప్పడం లేదు. ఆ కేసులో ధర్మదాస్ ఘోష్ కలకత్తాలో ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు. అతను మైనర్ అని అప్పిచ్చిన వ్యాపారి తరఫు మనిషికి ముందే తెలుసు. తెలిసి ఇచ్చారు కాబట్టే ఆ డబ్బు వెనక్కి ఇప్పించడానికి కోర్టు ఒప్పుకోలేదు. మన సురేశ్‌కు ఆ సంగతి తెలియదు, అతను మోసపోయాడు. ఈ తేడా పట్టుకున్న విద్యార్థి ఇలా రాస్తాడు: ‘సురేశ్ మోసపోయినా చెల్లని ఒప్పందం చెల్లుబాటు కాదు, ఎందుకంటే మైనర్ అబద్ధం చెప్పినంత మాత్రాన చట్టం లేదన్న అర్హత వచ్చేయదు. అయితే బండిని తిరిగి ఇప్పించే దగ్గర సురేశ్ పరిస్థితి మోహరీ బీబీ కేసులోని వ్యాపారి కంటే మెరుగు, ఎందుకంటే ఇతనికి నిజం తెలియదు, బండి రవి దగ్గరే ఉంది.’

అవసరాల సంగతీ ఇలాగే. 1908 నాటి ఇంగ్లండు కేసు నాష్ వర్సెస్ ఇన్మన్‌లో ఒక కేంబ్రిడ్జి విద్యార్థి దర్జీ దగ్గర పదకొండు ఖరీదైన వెయిస్ట్‌కోట్లు తీసుకున్నాడు. అతనికి అప్పటికే చాలినన్ని బట్టలున్నాయి, అందుకే దర్జీ ఓడిపోయాడు. రవి ఇంట్లో రెండో బండి సరిగ్గా ఆ బట్టల స్థానంలో ఉంది. కేసు పేరు మరిచిపోయినా ఈ పోలిక రాస్తే మార్కులు వస్తాయి. పేరు రాసి పోలిక వదిలేస్తే పెద్దగా రావు.

రాసింది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన మంచి పరీక్ష పెన్సిల్‌తో చేసేది. అప్లికేషన్ పేరాలో కథలోని వివరాల కింద ఒక గీత, చట్టం మాటల కింద రెండు గీతలు గీయాలి. రెండు రకాల గీతలూ పక్కపక్కనే, మధ్యలో ‘ఎందుకంటే’ అన్న మాటతో కనిపించాలి. పేరా అంతా రెండు గీతలే ఉంటే అది మళ్లీ రాసిన రూల్. ఒక గీతే ఉంటే అది మళ్లీ చెప్పిన కథ.

కన్‌క్లూజన్‌లో ఇష్యూలన్నింటికీ జవాబు ఉండాలి, కొత్త వాదన ఉండకూడదు. ‘ధర రాబట్టుకోలేడు, అవసర వస్తువు కాదు, బండి తిరిగి ఇప్పించమని కోరవచ్చు, అయితే అది కోర్టు విచక్షణ’ అంటే చాలు.

సాధనలో అసలు ఫలితం దీని తర్వాతే మొదలవుతుంది. అదే ప్రశ్నలో ఒక్క వివరం మార్చి, అప్లికేషన్ మాత్రం మళ్లీ రాయాలి. రవి బండిని అమ్మేసి ఆ డబ్బు ఖర్చు చేసేశాడనుకోండి. వెనక్కి ఇవ్వడానికి వస్తువు లేదు, అతనికి మిగిలిన లాభం ఎంత అన్నదే ప్రశ్న అవుతుంది, కన్‌క్లూజన్ అంత ధీమాగా చెప్పలేం. ఇంట్లో రెండో బండి లేదు, కాలేజీ ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి, 68వ సెక్షన్ వాదనకు ఒక్కసారిగా బలం వస్తుంది. పది ప్రశ్నలు ఒక్కోసారి రాయడం కన్నా మూడు ప్రశ్నల్ని ఇలా తిప్పి తిప్పి రాయడం మేలని నా నమ్మకం. మూడు గంటల్లో 80 మార్కుల పేపరైతే పది మార్కులకు దక్కేది ఇరవై రెండు నిమిషాలు. మొదటి ఐదూ చదవడానికి, వివరాల పక్కన గుర్తులకు పోనివ్వాలి.

పాత ప్రశ్నపత్రాలతో ఒక చిక్కు ఉంది. ప్రశ్న పాతదైతే దానికి పుస్తకంలో ఉన్న జవాబు కూడా పాతబడి ఉండవచ్చు. కోర్టు గార్డియన్‌ని నియమించిన పిల్లలు 21 ఏళ్లకు గానీ మేజర్లు కారన్న నియమాన్ని 1999 సవరణ తీసేసింది, ఇప్పుడు అందరికీ 18. నేరాల పేపర్‌లో ఇంకా జాగ్రత్త కావాలి. శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది, హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103 అయింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి మాత్రం పాత చట్టమే వర్తిస్తుంది. కాబట్టి కథలో ఎక్కడైనా తేదీ కనిపిస్తే, దాని పక్కన కూడా అదే ప్రశ్న రాసుకోవాలి: ఇది ఇక్కడ ఎందుకుంది?