థియరీ టెస్ట్ తప్పితే మళ్లీ ఎప్పుడు, ఎంతకు, ఎలా?

బ్రిటన్‌లో కారు లైసెన్స్ కోసం రాసే థియరీ టెస్ట్ ఫలితానికి రోజుల తరబడి ఎదురుచూడక్కర్లేదు. పరీక్ష ముగించి బయటికి వచ్చేటప్పుడే సెంటర్‌లో కాగితం చేతికిస్తారు. అందులో ‘ఫెయిల్’ అని ఉంటే అక్కడే గుండె జారిపోతుంది. మళ్లీ ఎన్నాళ్లు ఆగాలి, డబ్బులు మొత్తం మళ్లీ కట్టాలా, ఇండియా లైసెన్స్ గడువు ముగిసేలోపు స్లాట్ దొరుకుతుందా అని ఇంటికి వెళ్లే బస్సులోనే లెక్కలు మొదలవుతాయి. ఈ మధ్య కాలంలో ఈ పరీక్షకు కూర్చున్నవాళ్లలో సగం మంది కూడా పాసవడం లేదు. కాబట్టి ఆ కాగితం మీ ఒక్కరికే రాలేదు. ఇప్పుడు ఒక్కో ప్రశ్నకూ జవాబు చూద్దాం. ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లకు వర్తిస్తుంది. ఉత్తర ఐర్లండ్‌లో ఈ పరీక్షలు చూసే సంస్థ వేరు.

ముందు ఆగాల్సిన గడువు సంగతి. నిబంధన ప్రకారం కనీసం 3 పనిదినాలు ఆగాలి, అంతే. నెలలు కాదు, వారాలు కూడా కాదు. ప్రాక్టికల్ టెస్ట్ తప్పితే 10 పనిదినాలు ఆగాలన్న నియమం ఉంది. స్నేహితులు చెప్పే మాటల్లో ఈ రెండూ కలిసిపోవడం వల్ల చాలామంది అనవసరంగా హడలిపోతుంటారు. థియరీ ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి కూడా ఏమీ లేదు.

ఫీజు ప్రతిసారీ పూర్తిగా కట్టాల్సిందే. కారుకైనా మోటార్ సైకిల్‌కైనా 23 పౌండ్లు. ఇక్కడే చాలామందికి మింగుడుపడని నియమం ఒకటుంది. పరీక్షలో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది 57 నిమిషాల్లో 50 ప్రశ్నలకు జవాబులు గుర్తించడం. అందులో 43 సరిగ్గా ఉండాలి. రెండోది హజార్డ్ పర్సెప్షన్, అంటే రోడ్డు వీడియోల్లో ప్రమాదం తలెత్తుతున్న క్షణాన్ని కనిపెట్టి మౌస్ నొక్కడం. అందులో 75కి 44 పాయింట్లు రావాలి. రెండూ ఒకే రోజు, ఒకే కూర్చోవడంలో పాసవ్వాలి. ఒకదాంట్లో 50కి 50 వచ్చినా సరే, రెండోదాంట్లో ఒక్క పాయింటు తగ్గితే రెండు భాగాలూ మొదటి నుంచి మళ్లీ రాయాలి. పాసైన భాగాన్ని దాచిపెట్టుకుని మిగిలినదానికే సగం ఫీజు కట్టే వీలు లేదు. లారీ, బస్సు లైసెన్సులకు ఈ రెండు భాగాలనూ విడివిడిగా బుక్ చేసుకుని విడివిడిగా ఫీజు కడతారు. ఆ పద్ధతి విని కారుకూ అంతే అనుకునేవాళ్లున్నారు. కారుకు అలా కుదరదు.

అంటే గడువు చిన్నదే, ఫీజు భరించలేనంతదీ కాదు. నష్టమంతా తర్వాతి తేదీని తొందరపడి ఎంచుకోవడంలోనే ఉంది. మూడు పనిదినాలన్నది అంతకన్నా ముందు కూర్చోనివ్వరన్న హద్దు మాత్రమే. ఆలోపు తయారైపోవచ్చని దాని అర్థం కాదు. ఎప్పుడు కూర్చోవాలో తేల్చుకోవడానికి మీ చేతిలోని ఆ ఫలితం కాగితమే ఆధారం. రెండు భాగాల్లో ఎన్నెన్ని వచ్చాయో, ఇంకా ఏ అంశాలు చదువుకోవాలో అందులో ఉంటుంది. దాన్ని చింపి పారేయకండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులో ఆరేళ్లు కారు నడిపి, ఉద్యోగం కోసం రెడింగ్ వచ్చిన అబ్బాయి అనుకోండి. ఒక సోమవారం థియరీ రాశాడు. ప్రశ్నల్లో 45, వీడియోల్లో 41 వచ్చాయి. మూడు పాయింట్లు తక్కువై తప్పాడు. ఇంటికొచ్చి సైట్ తెరిస్తే ఆ వారం చివర్లోనే దగ్గరి సెంటర్‌లో స్లాట్ కనిపించింది. చేయి దానిమీదికే వెళ్తుంది. కానీ కాగితం ఏం చెబుతోంది? ప్రశ్నల భాగం అతనికి వచ్చు. హైవే కోడ్ మళ్లీ మొదటి పేజీ నుంచి చదివితే ఆ మూడు పాయింట్లూ రావు. అతను ఎక్కడ పోగొట్టుకున్నాడో చూడాలి.

వీడియోలు 14 ఉంటాయి. పదమూడింటిలో ఒక్కో ప్రమాదం, ఒకదాంట్లో రెండు, మొత్తం 15. ప్రమాదం తలెత్తడం మొదలైన వెంటనే నొక్కితే 5 పాయింట్లు. ఆలస్యమయ్యేకొద్దీ 4, 3, 2, 1, చివరికి సున్నా. మన రోడ్లమీద ఏళ్లతరబడి నడిపినవాళ్ల కన్ను పక్కసందులోంచి రాబోయే బండిని అందరికన్నా ముందే పట్టేస్తుంది. చిత్రమేమిటంటే అదే ఇక్కడ దెబ్బతీస్తుంది. పాయింట్లు లెక్కించడం మొదలుకాకముందే నొక్కి, పని అయిపోయిందనుకుని ఊరుకుంటారు. ఆ నొక్కుడికి విలువ లేదు. దూరాన ఆగి ఉన్న కారు కనిపించినప్పుడు ఒకసారి, అది కదిలి రోడ్డెక్కుతున్నప్పుడు మరోసారి నొక్కాలి. అలాగని భయంతో వీడియో పొడవునా టకటకా నొక్కుతూ పోతే, కంప్యూటర్ దాన్ని మోసంగా లెక్కగట్టి ఆ వీడియోకు సున్నా వేస్తుంది. రెండు ప్రమాదాలున్న వీడియోలో అలా జరిగితే పది పాయింట్లు గల్లంతు.

మన రెడింగ్ అబ్బాయికి కావాల్సింది ఈ నొక్కే అలవాటు మార్చుకోవడం. పరీక్ష నిర్వహించే డి.వి.ఎస్.ఎ. సంస్థ అధికారిక యాప్‌లో ఇలాంటి వీడియోలున్నాయి, ఎప్పుడు నొక్కితే ఎన్ని పాయింట్లో అది చూపిస్తుంది. రోజుకు గంట కూర్చుంటే పదిరోజుల్లో చేయి కుదురుతుంది. కాబట్టి అతను ఆ వారం స్లాట్ వదిలేసి తర్వాతి వారం శుక్రవారానిది తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. అదే అతనికి ప్రశ్నల్లో 35 వచ్చి ఉంటే మాత్రం రెండుమూడు వారాలైనా వెనక్కి జరగమని చెబుతాను. ఎనిమిది జవాబుల లోటు నాలుగు రాత్రుల్లో పూడదు. తొందరపడి కూర్చుని మళ్లీ తప్పితే ఇంకో 23 పౌండ్లు, పైగా ఒకరోజు సెలవు.

“కానీ నా ఇండియా లైసెన్స్ గడువు వచ్చే నెలతో అయిపోతుందండీ” అంటారు కొందరు. ఈ తొందర వెనక ఉన్న అసలు భయం ఇదే, అందుకే దీన్ని విడిగా చెప్పాలి. ఇక్కడ నివాసం మొదలైన నాటి నుంచి 12 నెలలు మన ఇండియా లైసెన్స్‌తో కారు నడపవచ్చు. కొన్ని దేశాల లైసెన్సులను నేరుగా మార్చి ఇస్తారు గానీ ఆ జాబితాలో భారత్ లేదు. ఆ 12 నెలలు దాటాక థియరీ పాసైనా సరే, ప్రాక్టికల్ కూడా పాసయ్యేదాకా మీరు ప్రొవిజనల్ లైసెన్స్ మీద నేర్చుకుంటున్నవారి కిందే లెక్క. కారుకు ‘ఎల్’ బోర్డులు పెట్టుకోవాలి, 21 ఏళ్లు నిండి మూడేళ్లుగా లైసెన్స్ ఉన్నవారు పక్కన కూర్చోవాలి. థియరీని గడువుకు నాలుగు రోజుల ముందు పాసైనా, నాలుగు రోజుల తర్వాత పాసైనా ఈ స్థితి మారదు. అందుకని ఆ తేదీని చూసి సిద్ధం కాకుండా పరీక్షకు పరుగెత్తవద్దు. ఆ తేదీ తర్వాత ఒంటరిగా కారు నడపవద్దు కూడా.

అలాగని నెలల తరబడి వాయిదా వేయడమూ మంచిది కాదు. థియరీ పాసైన నంబరు లేకుండా ప్రాక్టికల్ బుక్ చేయనివ్వరు, ఆ ప్రాక్టికల్ తేదీలకేమో చాలా చోట్ల నెలల వరుస ఉంది. థియరీ పాస్ రెండేళ్లు చెల్లుతుంది. ఆలోపు ప్రాక్టికల్ పాసవ్వకపోతే థియరీ మళ్లీ మొదటికొస్తుంది.

ఇక స్లాట్ బుకింగ్. ప్రొవిజనల్ లైసెన్స్ కార్డు మీద 5 అని అంకె వేసి ఉన్నచోట కనిపించే నంబరు, ఒక ఈమెయిల్, బ్యాంకు కార్డు ఉంటే చాలు. మీ పోస్ట్‌కోడ్ కొడితే దగ్గరి సెంటర్లు వస్తాయి. మొదటి సెంటర్‌లో తేదీలు దూరంగా ఉంటే అక్కడే ఆగిపోకుండా పక్క ఊళ్ల సెంటర్లు కూడా తెరిచి చూడండి. ఎవరో రద్దు చేసుకున్న స్లాట్ మధ్యలో ఖాళీ అవుతుంటుంది, కాబట్టి ఒకరోజు దొరకనిది మర్నాడు దొరకవచ్చు.

బుక్ చేసేటప్పుడే అడగాల్సినవి కొన్ని ఉంటాయి. ప్రశ్నలను చదవడం కన్నా వినడం సులువనిపించేవారు ఇంగ్లీషులో వినిపించే హెడ్‌ఫోన్ సదుపాయం కోరవచ్చు. 2014 ఏప్రిల్ వరకు 19 విదేశీ భాషల్లో కూడా ఇలా వినిపించేవారు, ఆ తర్వాత తీసేశారు. ఇప్పుడు ఇంగ్లీషు, వెల్ష్ మాత్రమే. డిస్లెక్సియా వంటి ఇబ్బంది ఉన్నవారు ఆధారాలు చూపి అదనపు సమయం అడగవచ్చు. మొదటిసారి ఇవి అడగకుండా తప్పినవాళ్లు రెండోసారైనా తప్పక అడగాలి. అడిగినవాళ్లు కూడా కొత్త బుకింగ్‌లో అవి నమోదయ్యాయో లేదో చూసుకోవాలి.

తేదీ మార్చుకోవాలన్నా, రద్దు చేసి డబ్బు వెనక్కి తీసుకోవాలన్నా పరీక్షకు ముందు 3 పూర్తి పనిదినాలు మిగిలి ఉండాలి. మన అబ్బాయి పరీక్ష శుక్రవారం కాబట్టి, మంగళ, బుధ, గురువారాలు మధ్యలో మిగిలేలా సోమవారంలోగా నిర్ణయించుకోవాలి. మంగళవారం రాత్రి జ్వరమొచ్చినట్టుందని మార్చబోతే ఆలస్యమైనట్టే. అందుకే ఆ సోమవారానికి ముందే ఇంట్లో రెండు భాగాలూ పూర్తి సమయం పెట్టుకుని ఒకసారి రాసి చూసుకోవాలి. ప్రశ్నల్లో 46, 47, వీడియోల్లో 50 పైన వస్తుంటే వెళ్లవచ్చు. 43, 44 దగ్గర ఊగుతుంటే వారం వెనక్కి జరపడమే మేలు. వెళ్లేరోజు ఫోటో ఉన్న ప్రొవిజనల్ కార్డు మర్చిపోతే లోపలికి రానివ్వరు, ఫీజు కూడా తిరిగి రాదు. ఇండియా లైసెన్స్ చూపిస్తానంటే కుదరదు.

చివరిగా ఒక హెచ్చరిక. వెతుకుడు పెట్టెలో థియరీ టెస్ట్ అని కొట్టగానే పైన వచ్చేవన్నీ ప్రభుత్వ సైట్లు కావు. చూడడానికి అచ్చం అలాగే ఉండి, అదే బుకింగ్‌కు సేవా రుసుము కలిపి ఎక్కువ లాగేవి ఉన్నాయి. తప్పి దిగులుగా ఉన్నవాళ్లే వాటికి తేలిగ్గా దొరికిపోతారు. మీ బదులు మరొకర్ని కూర్చోబెట్టి పాస్ చేయిస్తామని చెప్పేవాళ్ల దగ్గరికైతే అసలే వెళ్లకండి, అలా దొరికినవాళ్లు ఇక్కడ జైలుకు వెళ్లారు. నేరుగా gov.uk/book-theory-test అని కొట్టి తెరవండి. కారు థియరీకి అక్కడ కట్టేది 23 పౌండ్లే. అంతకన్నా ఒక్క పౌండు ఎక్కువ అడిగినా ఆ పేజీలో మీ కార్డు నంబరు ఇవ్వకండి.