మాటలు ఆగిన చోట వినిపించేది

ఏ గదీ పూర్తి నిశ్శబ్దంగా ఉండదు. ఫ్యాను తిరుగుతుంటుంది, ఫ్రిజ్ సన్నగా మూలుగుతుంటుంది, రోడ్డు మీది సద్దు గోడలు దాటి మెత్తబడి లోపలికి వస్తుంది. ఎవరూ మాట్లాడనప్పుడు మైకుకు అందే ఈ హోరునే సౌండ్ ఎడిటర్లు రూమ్ టోన్ అంటారు. ఇంట్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. సినిమాలో అది ఒక్క క్షణం తెగితే మాత్రం చెవి పట్టేస్తుంది.

ఎలా తెగుతుందో ఒక మామూలు సన్నివేశంలో చూడవచ్చు. రాత్రి భోజనాల బల్ల దగ్గర తండ్రీ కూతుళ్లు కూర్చుని ఉంటారు. "ఉద్యోగం మానేశాను నాన్నా" అంటుంది కూతురు. తండ్రి పలకడు. చేతిలోని స్టీలు గ్లాసు బల్ల మీద పెట్టి, కాసేపాగి, "ఎప్పుడు?" అంటాడు. ఇద్దరి క్లోజప్‌లూ విడివిడిగా తీస్తారు. తండ్రి వెనక ఫ్రిజ్ ఉంది కాబట్టి ఆయన వైపు తిప్పిన మైకులో దాని మూలుగు ఎక్కువగా పడుతుంది. కూతురి వెనక ఉన్నది గోడే. రెండు షాట్లనూ పక్కపక్కన అతికిస్తే, కట్ పడిన ప్రతిసారీ మూలుగు లేస్తూ పడుతూ ఉంటుంది. ఇద్దరూ వేర్వేరు ఇళ్లలో కూర్చుని మాట్లాడుకుంటున్నట్టుంటుంది.

దీనికి విరుగుడు కొంచెం తలకిందులుగా తోస్తుంది. హోరు ఉన్న షాట్‌ని శుభ్రం చేయడం కన్నా, శుభ్రంగా ఉన్న షాట్ కిందికి ఆ హోరును పొడిగించడమే మేలు. ఎడిటర్ తండ్రి మాటలు ఒక ట్రాక్‌లో, కూతురి మాటలు మరో ట్రాక్‌లో పెట్టి, ఫ్రిజ్ మూలుగున్న టోన్‌ని కూతురి మాటల కింద పరుస్తాడు. అతుకుల దగ్గర కొన్ని ఫ్రేముల మేర ఒక శబ్దం తగ్గుతుండగా రెండోది పెరిగేలా క్రాస్‌ఫేడ్ ఇస్తాడు. మారకుండా సాగే హోరును చెవి త్వరలోనే మరిచిపోతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో మరీ గట్టిగా తీసేస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు తయారవుతుంది.

ఇందుకు కావలసిన టోన్‌ని లొకేషన్‌లోనే పట్టుకోవాలి. సీను ముగిశాక లైట్లూ మైకూ కదపకుండా, యూనిట్ అంతా కదలకుండా నిలబడితే, 30 సెకన్ల నుంచి ఒక నిమిషం దాకా రికార్డు చేస్తారు. అందరికీ ఇళ్లకు వెళ్లే తొందర ఉండే ఆ సమయంలో దీన్ని ఎగ్గొట్టడం సులువు. ఎగ్గొడితే మాటల మధ్య దొరికే అర సెకను ముక్కలు ఏరుకోవాలి. అంత చిన్న ముక్కను పదేపదే తిప్పితే నాడి కొట్టుకున్నట్టు ఒక లయ బయటపడుతుంది.

తెలుగు సినిమాల్లో మాటలు ఎక్కువగా డబ్బింగ్ థియేటర్‌లోనే రికార్డవుతాయి. అక్కడ గది శబ్దం ఉండదు. అందుకే గొంతుకు ఆ గదికి తగ్గ కొద్దిపాటి ప్రతిధ్వని చేర్చి, కింద రూమ్ టోన్ పరవాలి. పెదవుల కదలిక సరిపోయినా గొంతు తెర మీది మనిషిది కాక, చెవి పక్కనున్న మనిషిది అనిపిస్తే, ఈ పని సరిగా జరగలేదన్నమాట.

రూమ్ టోన్ గది లోపలిదైతే, యాంబియెన్స్ ఆ గది చుట్టూ ఉన్న ఊరిది. కీచురాళ్లు, దూరపు ట్రాఫిక్ లాంటివి సన్నివేశమంతా కట్‌లతో సంబంధం లేకుండా ఆగకుండా సాగుతాయి. వాటి మీద కుక్క అరుపు, బైకు చప్పుడు లాంటివి అక్కడక్కడా విడిగా పెడతారు. కిటికీలు మూసి ఉంటే వాటి పదును తగ్గించాలి. వాటిని మాట మీద పడనివ్వకూడదు. కూతురు మాట చెప్పాక వచ్చే మౌనంలో ఒక బైకు వీధి చివరిదాకా వెళ్లి వినిపించకుండా పోతే, తండ్రి ఎంతసేపు పలకలేదో ప్రేక్షకుడికి తెలుస్తుంది. అదే బైకు "ఎప్పుడు?" మీద పడితే మాట పోతుంది.

ఇక మిగిలింది గ్లాసు. తెర మీది కదలికలు చూస్తూ అడుగుల చప్పుడు, బట్టల రాపిడి, వస్తువుల శబ్దాలు స్టూడియోలో మళ్లీ చేసి రికార్డు చేయడమే ఫోలీ. హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ పేరే ఈ పనికి నిలిచింది. స్టీలు గ్లాసును అద్దం పరిచిన బల్ల మీద పెడితే ఒక శబ్దం, చెక్క మీద పెడితే ఇంకోటి. సగం నీళ్లుంటే మోత మందగిస్తుంది. స్టూడియోలో మైకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ శబ్దాన్ని ఉన్నదున్నట్టు వాడితే గ్లాసు ప్రేక్షకుడి ఒళ్లో పెట్టినట్టుంటుంది. స్థాయి తగ్గించి, గొంతులకు ఇచ్చిన ప్రతిధ్వనే దీనికీ ఇస్తే అది బల్ల మీదికి చేరుతుంది. చొక్కా రాపిడి విడిగా వినిపించేంత పెంచకూడదు, కానీ దాన్ని తీసేస్తే మనిషి బొమ్మలా తోస్తాడు.

సినిమా మరో భాషలోకి వెళ్లేటప్పుడు ఫోలీ అవసరం ఇంకా పెరుగుతుంది. షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేసి ఉంటే, ఆ ట్రాక్ తీసేయగానే దాంట్లో కలిసి ఉన్న గ్లాసు చప్పుడూ పోతుంది. అందుకే మాటల్లేని ట్రాక్‌లో ప్రతి అడుగూ ప్రతి వస్తువూ విడిగా నింపి పంపుతారు.

పని కుదిరిందో లేదో తేల్చుకోవడానికి తెర ఆపేసి వినాలి. కట్ ఎక్కడ పడిందో చెవికి తెలిస్తే రూమ్ టోన్ ఇంకా అతకలేదు.